నోటెడ్ అన్నవాళ్ళం

2024 ఫిబ్రవరి 2, శుక్రవారం. సాయంత్రం అయిదూ నలభైకి మా అకౌంట్స్ విభాగంలో పద్నాలుగు మందికి ఒక మెయిల్ వచ్చింది. మర్నాటి నుంచి ప్రసూతి సెలవులో ఉండబోతున్న మా సహోద్యోగి పంపింది. తన చేతిలో నడుస్తున్న పనులేమిటి, అప్రూవల్ రాక ఆగినవేమిటి, దేనికి ఎవరిని అడగాలి, అన్నీ ఒక పట్టికలో పెట్టింది. పదకొండు వరుసలు. ఆరు కొట్టేలోగా తొమ్మిది మందిమి జవాబులిచ్చేశాం. ‘నోటెడ్’, ‘నోటెడ్, థ్యాంక్స్’, ‘ఆల్ ది బెస్ట్’. ఒకాయన చేతులు జోడించిన బొమ్మ పెట్టాడు. నాది ‘నోటెడ్ అమ్మా, ఆరోగ్యం జాగ్రత్త’.

ఆ మెయిల్ మొదటి వరుస నుంచి చివరిదాకా నేను చదివింది ఏప్రిల్ 8న. ఆమె పనిచేసేది నా కింద. ఆమె సెలవు మంజూరు చేసింది నేను. ఇరవై రెండేళ్ళ అనుభవం ఉన్నవాణ్ణి. ఈ వ్యాసంలో ‘మేము’ అన్న చోటల్లా ఆ లెక్కన నన్ను కాస్త ఎక్కువ కలుపుకోవాలి.

మూడు నెలల ముందే ఆమె తేదీ చెప్పింది. ప్రసూతి సెలవు ఇరవై ఆరు వారాలు, 2017లో చట్టం సవరించాక. అంటే ఆర్నెల్లు ఒక మనిషి ఉండదని మాకు నవంబరులోనే తెలుసు. నవంబరులో ఏం చేశాం? కేకు ఎవరు తేవాలో అనుకున్నాం. జనవరి మొత్తం ఆమె నెత్తిన ఎప్పటి పని అప్పుడే ఉంది, పైగా ‘వెళ్ళేలోగా ఇది కూడా పూర్తి చేసెయ్యమ్మా’ అని మరో రెండు. ఇక అప్పగింతకు మిగిలింది చివరి రోజు మధ్యాహ్నం. ఆ మెయిల్ ఆమె రాసింది రెండు గంటల్లో, మధ్యలో నాలుగుసార్లు మేం పిలిస్తే లేచి వచ్చి.

ఇక ఏడో వరుస సంగతి. అందులో ఉన్నదింతే: ‘బాలానగర్ వర్క్‌షాప్ బిల్లు, రూ. 4,72,000. అప్రూవల్ పెండింగ్, ప్లాంట్ హెడ్.’ పక్కన సంప్రదించాల్సిన మనిషిగా మా విభాగంలో ఒక కుర్రవాడి పేరు.

బాలానగర్‌లో ఏడుగురు పనివాళ్ళతో నడిచే చిన్న వర్క్‌షాప్ అది. మా పంపులకు కావలసిన ఇత్తడి బుష్‌లు చేసిస్తుంది. నాలుగు వందల బుష్‌లు, ఒక్కోటి వెయ్యి రూపాయలు, మీద పద్దెనిమిది శాతం జీఎస్టీ. సరుకు జనవరి 29న మా స్టోర్స్‌లో దిగింది, తనిఖీ అయింది, ఒక్కటి కూడా వెనక్కి పోలేదు. మరి బిల్లు ఎందుకు ఆగింది?

మా ఆఫీసులో బిల్లుకి డబ్బు కదలాలంటే మూడు కాగితాలు ఒకే మాట చెప్పాలి: మేమిచ్చిన పర్చేజ్ ఆర్డరు, స్టోర్స్ వాళ్ళిచ్చిన సరుకు రసీదు, అమ్మినాయన పంపిన ఇన్‌వాయిస్. రసీదులో నాలుగు వందలు, ఇన్‌వాయిస్‌లో నాలుగు వందలు, సరిపోయింది. రేటు దగ్గర పేచీ. ఆర్డరులో 980, ఇన్‌వాయిస్‌లో 1000. ముక్కకి ఇరవై చొప్పున మొత్తం మీద ఎనిమిది వేల తేడా. ఆ తేడా వర్క్‌షాప్ ఆయన చేసిన తప్పేం కాదు. ఇత్తడి ధర పెరిగిందని డిసెంబరులో ఆయన మా ప్లాంట్ హెడ్‌కి ఫోన్ చేస్తే, ‘సరే, వెయ్యికి చేసివ్వండి, మాకు లైన్ ఆగకూడదు’ అన్నాడు ఈయన. ఫోన్లోనే. ఆ మాట కాగితం మీదికి రావాలంటే ఆర్డరు సవరించాలి. సవరణకు సంతకం పెట్టాల్సింది ప్లాంట్ హెడ్ కాదు, పర్చేజ్ విభాగం అధిపతి.

ఇప్పుడు ఏడో వరుస మళ్ళీ చూడండి. ‘అప్రూవల్ పెండింగ్, ప్లాంట్ హెడ్.’ బిల్లు అప్రూవల్ కోసం ఆగిందని చదివినవాడు అనుకుంటాడు. నిజానికి ఆగింది ఆర్డరు సవరణ. ప్లాంట్ హెడ్ దగ్గర ఉందని అనుకుంటాడు. ప్లాంట్ హెడ్ చేయాల్సింది ‘ఆ రేటుకి నేనే ఒప్పుకున్నాను’ అని రెండు ముక్కలు రాసి పర్చేజ్‌కి పంపడం. ఆయన పంపలేదు, కాబట్టి పర్చేజ్ వాళ్ళకి అలాంటి సవరణ ఒకటి కావాలనే తెలియదు. పెండింగ్ అన్న పని ఎవరి బల్ల మీదా లేదు. పుట్టనే లేదు.

ఆమెకి ఇదంతా తెలుసు. మరి రాయలేదేం? ఏప్రిల్లో నాకు మొదట కోపం వచ్చింది ఆమె మీదే. నాలుగు వాక్యాలు రాస్తే పోయేది కదా అనుకున్నాను. తర్వాత ఆ నాలుగు వాక్యాలు నేనే రాసి చూశాను. ‘ప్లాంట్ హెడ్ గారు ఆర్డరు సవరించకుండా నోటిమాటగా ఎక్కువ రేటుకు ఒప్పుకున్నారు, రాతపూర్వకంగా ఇమ్మని మూడుసార్లు అడిగాను, ఇవ్వలేదు.’ పద్నాలుగు మందికి, వాళ్ళతో పాటు ఆ ప్లాంట్ హెడ్‌కి కూడా వెళ్ళే మెయిల్లో ఒక ఎగ్జిక్యూటివ్ ఈ వాక్యం ఎలా రాస్తుంది? ఆర్నెల్ల తర్వాత తిరిగొచ్చి మళ్ళీ ఆయన దగ్గరే బిల్లుల మీద సంతకాలు పెట్టించుకోవాల్సిన పిల్ల.

నాకు ఇక్కడ తెలిసొచ్చింది. మా ఆఫీసులో సగం పనులు రాయడానికి వీల్లేని పద్ధతిలో నడుస్తున్నాయి. ఫోన్లో ఒప్పుకోవడం, క్యాంటీన్లో తలూపడం, ‘ముందు కానివ్వండి, కాగితం తర్వాత చూద్దాం’ అనడం. పనిచేసే మనిషి సీట్లో ఉన్నంతకాలం ఆ నోటిమాటలన్నీ ఆమె బుర్రలో భద్రంగా ఉంటాయి, ఆమె వెంటపడుతుంది, పని జరుగుతుంది. ఆమె లేచి వెళ్ళేటప్పుడు మాత్రం అన్నీ ఒక పట్టికలో రాసి ఇమ్మంటాం. రాయగలిగినవి రాసింది. రాయలేనివాటికి ‘అప్రూవల్ పెండింగ్’ అని పేరు పెట్టింది. ఆ పేరు ఆమె కనిపెట్టింది కాదు, మేమంతా ఏళ్ళ తరబడి వాడుతున్నదే. ఎవరినీ నొప్పించని మాట, ఏమీ చెప్పని మాట.

మా నాన్నగారు తాలూకా ఆఫీసులో గుమాస్తా. బదిలీ అయినప్పుడల్లా ఇంట్లో ‘ఛార్జి’ అన్న మాట నాలుగు రోజులు వినపడేది. ఛార్జి ఇవ్వడం, ఛార్జి పుచ్చుకోవడం. నగదు లెక్కపెట్టి, తాళాలు చేతికిచ్చి, ఫైళ్ళు రిజిస్టరుతో సరిచూసి, ఇచ్చినాయన, పుచ్చుకున్నాయన ఇద్దరూ సంతకాలు పెట్టాలి. పుచ్చుకునేవాడు చివరిదాకా బిర్రబిగుసుకుని ఉండేవాడట. సంతకం పెట్టాక ఒక ఫైలు కనబడకపోతే అది తన మెడకి చుట్టుకుంటుందని. ఆ ఆఫీసుల గురించి నాకు గొప్ప భ్రమలేం లేవు, అక్కడా కాగితం మీద ఉన్నవన్నీ బీరువాలో ఉండేవి కావు. కానీ అప్పగింత అంటే ఇద్దరు మనుషుల మధ్య జరిగేదని వాళ్ళకు తెలుసు. మేం దాన్ని వెళ్ళేవాళ్ళు పంపే మెయిల్ చేసి పడేశాం. పుచ్చుకునేవాడి సంతకం స్థానంలో ‘నోటెడ్’ వచ్చింది. చదివినా చదవకపోయినా అవే అక్షరాలు.

సరే, ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆ బిల్లుకి ఏమైందో చెప్పాలి.

మా సాఫ్ట్‌వేర్లో బిల్లును ‘పార్క్’ చేసే వీలుంది. ఎక్కించినట్టే కనిపిస్తుంది, కానీ ఖాతాలోకి రాదు. తేడా తేలేదాకా పక్కన పెట్టుకోవడానికి ఆ ఏర్పాటు. ఏడో వరుస బిల్లు ఆమె లాగిన్‌లో పార్క్ అయి ఉంది. ఆమె లేనప్పుడు ఆ వరుసలు ఇంకొకరికి కనపడాలంటే సెలవుకు ముందే ప్రత్యామ్నాయ యూజర్‌ని పెట్టాలి. దానికి ఐటీ వాళ్ళకి నేను ఒక అభ్యర్థన పంపాలి. పంపలేదు. ఫలితం ఏమిటంటే, మార్చి నెలాఖరున ఆడిటర్ల జూనియర్ వచ్చి చిన్న పరిశ్రమలకు నలభై అయిదు రోజులు దాటిన బాకీలు ఏమున్నాయని అడిగితే, మేం రిపోర్టు తీసి ‘ఏమీ లేవు’ అని నమ్మకంగా ఇచ్చాం. పార్క్ చేసిన బిల్లు ఖాతాలో లేదు కాబట్టి రిపోర్టులోనూ లేదు. అబద్ధం చెప్పాలని ఎవరూ అనుకోలేదు. అబద్ధమే చెప్పాం.

నలభై అయిదు రోజులంటే మామూలు మాట కాదు. సూక్ష్మ, చిన్న సంస్థల దగ్గర సరుకు తీసుకుంటే, రాతపూర్వక ఒప్పందం ఉన్నా సరే నలభై అయిదు రోజులు దాటకుండా డబ్బివ్వాలని 2006 నాటి చట్టం చెబుతుంది. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడింతలు వడ్డీ, నెలనెలా చక్రవడ్డీగా. అప్పుడు బ్యాంక్ రేటు 6.75 శాతం. మూడింతలంటే ఇరవై పైచిలుకు. పైగా సరిగ్గా ఆ ఆర్థిక సంవత్సరం నుంచే ఆదాయపు పన్నులో కొత్త మెలిక వచ్చింది: గడువు దాటి, మార్చి 31 నాటికి కూడా చెల్లించని అలాంటి బాకీని ఆ ఏడాది ఖర్చుగా ఒప్పుకోరు, చెల్లించిన ఏడాదిలోనే ఒప్పుకుంటారు. ఆ విషయం మీద జనవరిలో మా విభాగానికి నేనే ఒక గంట క్లాసు చెప్పాను. స్లైడ్లు కూడా వేశాను.

జనవరి 29 నుంచి లెక్కేస్తే నలభై అయిదో రోజు మార్చి 14. ఈ తేదీ ఆ పదకొండు వరుసల్లో ఎక్కడా లేదు. ఏ వరుసలోనూ ఏ తేదీ లేదు. ఆగిన పనులన్నీ ఒకే ఎత్తున ఆగినట్టు కనిపించాయి, ప్రింటర్ టోనరు ఆర్డరూ, ఏడుగురి జీతాలు ముడిపడ్డ బిల్లూ పక్కపక్కన.

ఆ వర్క్‌షాప్ ఆయన ఊరుకోలేదు. ఆమెకు మూడు మెయిళ్ళు పెట్టాడు. మొదటిదానికి ఆటోమేటిక్ జవాబు వెళ్ళింది: నేను సెలవులో ఉన్నాను, అత్యవసరమైతే ఫలానావారిని సంప్రదించండి అని. రెండోదానికీ మూడోదానికీ ఏమీ వెళ్ళలేదు. మేం వాడే ఔట్‌లుక్‌లో ఆ జవాబు ఒక్కో మనిషికి ఒక్కసారే వెళ్తుంది, ఎన్ని మెయిళ్ళు పెట్టినా. ఆ సంగతి మాలో ఎవరికీ తెలియదు. అటువైపు ఆయనకి ఎలా కనిపించి ఉంటుంది? మొదటిసారి మర్యాదగా జవాబిచ్చారు, తర్వాత పట్టించుకోవడం మానేశారు.

ఆ ఒక్క జవాబులో ఉన్న నంబరు మా కుర్రవాడి సీట్లో ఉన్న ఫోనుది. తన పేరు ఇచ్చారని అతనికి ఆ మెయిల్ వచ్చాకే తెలిసింది. వద్దనలేదు, వద్దనడం మా దగ్గర అలవాటు లేదు. అతను ఏడో వరుస చూశాడు, ప్లాంట్ హెడ్ దగ్గర ఉందట, వచ్చినప్పుడు వస్తుందిలే అనుకున్నాడు. మార్చి రెండో సగమంతా స్టాకు లెక్కింపుకి విజయవాడ డిపోలో ఉన్నాడు. పంపింది నేనే. అతను లేనప్పుడు ఎవరిని అడగాలన్న రెండో పేరు లేదు. ఖాళీ సీట్లో ఫోను మోగితే పక్కవాళ్ళు ఎత్తరు, ఎత్తితే ఆ పని మన నెత్తికొస్తుంది.

ఇదంతా బిల్లు సంగతి. దీనికన్నా నన్ను ఎక్కువ సిగ్గుపడేలా చేసేది వేరే ఉంది.

ఆమె మార్చి 6న ప్రసవించింది. మార్చి 20 జీఎస్టీ నెలవారీ రిటర్ను వేయడానికి ఆఖరు తేదీ. ఆ మధ్యాహ్నం పోర్టల్ ఓటీపీ అడిగింది. మా సంస్థ పేరు మీద నమోదైన మొబైల్ నంబరు ఆమెది. ఎప్పుడో మూడేళ్ళ కింద ఎవరి నంబరు పెడదామంటే ‘నాది పెట్టండి సార్’ అంది, అందరికీ సుఖంగా ఉందని వదిలేశాం. పదకొండు వరుసల్లో అది లేదు. సొంత జేబులో ఉన్న ఫోనుని ఆఫీసు వస్తువుగా ఎవరు లెక్కేస్తారు? ఫోన్ చేశాం. వాళ్ళమ్మగారు ఎత్తారు. ‘స్నానం చేయిస్తున్నామండీ పిల్లకి, అయిదు నిమిషాలు’ అన్నారు. ఓటీపీ ఉండేది కొద్ది నిమిషాలే కదా. మళ్ళీ పంపించాం, మళ్ళీ ఫోన్ చేశాం. మూడోసారికి ఆమే ఎత్తి, ఆరు అంకెలు చదివింది. వెనక పసిపిల్ల ఏడుపు. స్పీకర్ ఫోన్లో అందరం విన్నాం. ఒకరు ‘పాప గొంతు గట్టిదే’ అన్నారు, నవ్వుకున్నాం.

ప్రసవమైన తర్వాత ఆరు వారాలు ఆ స్త్రీ చేత తెలిసి తెలిసి పని చేయించకూడదని ప్రసూతి ప్రయోజనాల చట్టం మొదట్లోనే ఉంది. 1961 నుంచీ ఉంది. ఆ రోజుకి ఆమెకి పద్నాలుగో రోజు. ఫోను పనికిందికి రాదు కదా అని మాలో ఒకరన్నారు. మరేమిటి? ఫిబ్రవరి నుంచి మే దాకా మేం ఆమెకి ఎన్నిసార్లు ఫోన్ చేశామో తర్వాత ఒకరోజు అందరి ఫోన్లూ చూసి లెక్కేశాను. ఇరవై మూడు. అందులో పంతొమ్మిదింటికి జవాబు ఆ మెయిల్లోనో, దానికి జతచేసిన ఫైల్లోనో ఉంది. వెతకడం కంటే అడగడం తేలిక, అడిగితే చెప్పే మనిషి కాబట్టి అడిగాం. ఆమె బాగా రాసి ఉంటే చేసేవాళ్ళం కాదన్న మాటకి, నాకు తెలిసి, ఆ పంతొమ్మిదే సమాధానం.

ఏప్రిల్ 8, సోమవారం. మర్నాడు ఉగాది. బాలానగర్ ఆయన స్వయంగా వచ్చాడు. అరవై దాటినాయన, చేతిలో ఇన్‌వాయిస్ జిరాక్సు. రిసెప్షన్లో గంటన్నర కూర్చున్నాడు. నా దగ్గరికి వచ్చాక కూడా గొంతు పెంచలేదు. ‘పండక్కి పిల్లలకి ఏదో చేతిలో పెట్టాలి సార్, ఎక్కడ ఆగిందో చెబితే వాళ్ళనే వెళ్ళి అడుక్కుంటాను’ అన్నాడు. పిల్లలంటే పనివాళ్ళు. ఎక్కడ ఆగిందో నాకు తెలియదు. అప్పుడు తీశాను ఆ మెయిల్.

తర్వాత జరిగింది చెప్పడానికే ఎబ్బెట్టుగా ఉంది, ఎందుకంటే చాలా తొందరగా జరిగింది. ప్లాంట్ హెడ్ రెండు వాక్యాల మెయిల్ పెట్టాడు. పర్చేజ్ ఆయన పావుగంటలో ఆర్డరు సవరించాడు. పండగ సెలవు పోను, శుక్రవారం 12న డబ్బు పడింది. ఒక్క మెయిల్, పావుగంట. గడువు దాటి ఇరవై తొమ్మిది రోజులు.

ఆ మేలో ఇంకొకరు నాలుగు నెలల సెలవు మీద వెళ్తుంటే పద్ధతి కొంత మార్చాం. ఆ ఏడో వరుసనే ఇప్పుడు రాస్తే ఇలా ఉంటుంది: ‘బిల్లు 4,72,000. ఆర్డరులో 980, బిల్లులో 1000, తేడా 8,000. సరుకు జనవరి 29న అందింది, మార్చి 14 లోగా డబ్బివ్వాలి. కావలసింది ఆర్డరు సవరణ. ప్లాంట్ నుంచి రేటు అంగీకారం రాతలో రాలేదు, జనవరి 31న చివరిసారి అడిగాను. మార్చి 1కి రాకపోతే పర్చేజ్ అధిపతికి నేరుగా చెప్పాలి.’ ‘పెండింగ్’ అన్న మాటను పట్టికలోంచి తీసేశాం. దాని బదులు రెండు గళ్ళు: ఇప్పుడు ఎవరు ఏం చేయాలి, ఏ తేదీ దాటితే నష్టం. పనిని పుచ్చుకునేవాళ్ళు చివరి వారం ఆ పనిని తమ లాగిన్‌తో ఒకసారి చేసి చూపించాలి, వెళ్ళేవాళ్ళు పక్కన కూర్చుని చేతులు కట్టుకుని చూడాలి. చేతులు కట్టుకోవడం కష్టంగా ఉందట వాళ్ళకి. మధ్యలో ఎక్కడ ఆగిపోతే అక్కడ మెయిల్లో రాయనిదేదో ఉన్నట్టు. ఓటీపీ నంబర్లు అలాగే బయటపడ్డాయి, మరో రెండు పోర్టళ్ళవి.

అన్నీ సర్దుకున్నాయని చెప్పడం లేదు. ‘రాతలో రాలేదు’ అన్న వాక్యం రాయడానికి ఆ రెండో వ్యక్తి కూడా జంకాడు. ఆ వరుసలు నా పేరుతో పంపమన్నాను. ప్లాంట్ హెడ్ నాతో వారం రోజులు ముభావంగా ఉన్నాడు. నోటిమాట రేట్లు ఆగలేదు, తగ్గాయంతే.

ఆగస్టు 5న ఆమె తిరిగి వచ్చింది. పాప ఫొటోలు చూపించింది, టీ తాగాం. పదకొండింటికి నా సీటు దగ్గరికి వచ్చి, ‘బాలానగర్ వాళ్ళ బిల్లు ఏప్రిల్లో వెళ్ళినట్టుంది సార్, వడ్డీ కూడా ఇచ్చారా?’ అంది.

వడ్డీ లెక్క నేను ఏప్రిల్లోనే వేశాను. రోజుకి రెండు వందల అరవై చొప్పున ఇరవై తొమ్మిది రోజులకి ఏడున్నర వేలు. ఆయన అడగలేదు. అడగడు కూడా, అడిగితే వచ్చే ఆర్డరు రాదేమోనని భయం. అడగలేదు కదా అని మేమూ కదపలేదు.

‘అది అప్రూవల్ పెండింగ్‌లో ఉందమ్మా’ అన్నాను.

‘ఎవరి దగ్గర సార్?’ అంది.